కింది దవడ పన్నుకి రూట్ కెనాల్, క్యాప్: 24,500 న్యాయమేనా?

నల్లకుంట_రవి: కుడివైపు కింది దవడ పన్ను పిప్పి పట్టి నరం దాకా వెళ్ళిందన్నారు. ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ 7,000, పోస్ట్ అండ్ కోర్ 3,500, జిర్కోనియా క్యాప్ 14,000, మొత్తం 24,500 చెప్పారు. ఇంకో చోట అన్నీ కలిపి 7,500. రెండూ హైదరాబాదే. ఇంత తేడా ఏంటి? ఏది న్యాయమైన రేటు?

సూర్య_లెక్కలు: క్యాప్ ల్యాబ్ నుంచి వెయ్యికి వస్తుంది, దాన్ని 14 వేలకి అమ్ముతున్నారు. అంతకన్నా దోపిడీ ఉందా? కళ్ళు మూసుకుని 7,500 చోటికి వెళ్ళిపో బ్రదర్.

ల్యాబ్_బెంచ్: సూర్యగారూ, సగం నిజమే చెప్పారు. నికెల్-క్రోమియం లోహం మీద పింగాణీ పోసిన మామూలు క్యాప్ అయితే ల్యాబ్ బిల్లు వెయ్యికి అటూఇటూ ఉంటుంది. జిర్కోనియా అనే గట్టి తెల్ల సిరామిక్ అయితే, క్యాప్ చెక్కే సాధారణ బ్లాకుకే రెండు మూడు వేలు పడుతుంది, పేరున్న బ్లాకు, వారంటీ కార్డు అంటే ఇంకా పైకి వెళ్తుంది. అయినా 14,000లో ఎక్కువ వాటా ల్యాబ్‌ది కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. మిగతాది పన్ను అరగదీయడం, అచ్చు తీయడం, తాత్కాలిక క్యాప్, బైట్ సరిచూసి సిమెంట్ పెట్టడం. వీటిలో అచ్చు అన్నిటికన్నా ముఖ్యం. చిగురు పక్కన అరగదీసిన అంచు అచ్చులో తేలకపోతే, అంచు ఎక్కడుందో మేం ఊహించి చేయాలి. అలా చేసిన క్యాప్ నోట్లో బాగానే కూర్చున్నట్టు ఉంటుంది, కానీ అంచు కింద సన్నని సందు మిగిలి, లోపల్నించి మళ్ళీ పిప్పి మొదలవుతుంది. అచ్చు మళ్ళీ తీసి పంపమంటే విసుక్కోకుండా పంపే డాక్టరు దగ్గర రేటు కాస్త ఎక్కువే ఉంటుంది.

పద్మ_తెనాలి: మా అమ్మగారికి ముందు పన్నుకి రూట్ కెనాల్ 3,000లో అయిపోయింది. క్యాప్ కూడా అక్కర్లేదన్నారు. మీకెందుకు అంత?

ఎండో_బెజవాడ: పద్మగారూ, ముందు పన్నుకి సాధారణంగా వేరు ఒకటి, దానిలో నరం ఉండే కాలువ ఒకటి. పన్ను పెద్దగా విరగకపోతే ఫిల్లింగుతో సరిపోతుంది. కింది దవడ మొదటి పన్నుకి కాలువలు మూడు, కొందరికి నాలుగు. నమిలే బరువంతా దాని మీదే కాబట్టి రూట్ కెనాల్ తర్వాత క్యాప్ లేకపోతే చీలిపోవచ్చు. అందుకే ఆ రెండు రేట్లనీ పోల్చలేం.

రవిగారూ, మీ 24,500లో నన్ను ఆపింది 14,000 కాదు, ఆ 3,500. పోస్ట్ అంటే వేరులోకి దించే సన్నని కడ్డీ. దాని పని పోయిన పన్ను భాగం బదులు పైన కట్టే కోర్‌ని పట్టుకోవడం, అంతే. వేరుకి బలం ఇస్తుందని చాలామంది అనుకుంటారు, ఇవ్వదు. పైగా దాన్ని దించడానికి వేరు లోపల ఇంకా తొలచాలి, అలా పలచబడ్డ వేరు నిలువునా చీలిందంటే పన్ను తీసేయడమే. దవడ పన్నుకి నరం ఉండే గది వెడల్పుగా ఉంటుంది. గోడలు రెండు మూడు నిలబడి ఉంటే పన్ను రంగు ఫిల్లింగు అయిన కాంపోజిట్‌తో గట్టిగా నింపితే చాలు. మీకు ఎన్ని గోడలు మిగిలాయో చెప్పండి.

నల్లకుంట_రవి: అద్దంలో చూస్తే నాలుక వైపు గోడ పోయింది. బుగ్గ వైపు, ముందు, వెనక మూడూ ఉన్నాయి. 7,500 వాళ్ళని ఏమేం కలిసున్నాయని అడిగితే "అన్నీ కలిపే సార్" అన్నారు, అంతే.

ఎండో_బెజవాడ: పిప్పి తీశాక ఆ మూడూ కనీసం రెండు మిల్లీమీటర్ల మందంతో మిగిలితే పోస్ట్ అవసరం నాకు కనిపించదు. చిగురు పైన చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను కూడా మిగలాలి, క్యాప్ పట్టు దానిదే. నాలుక వైపు అంత లేకపోతే ముందు చిగురు సరిచేయాలి, దానికి విడిగా ఖర్చవుతుంది. ఇవన్నీ తేలేది పిప్పి తీశాకే. కాబట్టి "పోస్ట్ అవసరమైతేనే, ముందు చూపించి చెప్తాం" అని రాయించుకోండి.

నా లెక్క ఇది. దవడ పన్ను రూట్ కెనాల్‌కి రెండు సిట్టింగులు, కలిపి గంటన్నర నుంచి రెండు గంటల పని: 5,000 నుంచి 7,000. కాంపోజిట్ కోర్ 1,500. క్యాప్ మెటల్-సిరామిక్ అయితే 4,000–5,000, ఒకే ముక్కగా మిల్లు చేసిన జిర్కోనియా అయితే 7,000–10,000. అంటే 10,500 నుంచి 18,500 మధ్య ఎక్కడైనా న్యాయమే. ఇది మామూలు నగర క్లినిక్ లెక్క. కార్పొరేట్ ఆసుపత్రి అద్దెలు వేరు.

7,500 చోట మోసం జరుగుతుందని అనను. కానీ ఆ డబ్బులో మిగిలేది తక్కువ, కాబట్టి ఎక్కడో టైం తగ్గుతుంది. తగ్గేది సాధారణంగా నాలుగో కాలువ వెతకడం దగ్గరా, ఉమ్మి చేరకుండా పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ కట్టడం దగ్గరా, క్రిములు చచ్చేలా కాలువల్ని హైపోక్లోరైట్‌తో కడిగే సమయం దగ్గరా. కాలువ తొలిచే ఫైళ్ళని అరిగేదాకా వాడితే లోపల విరుగుతాయి కూడా. తేడా తెలుసుకోవడానికి ఆఖరి ఎక్స్‌రే అడగండి. ప్రతి కాలువలో తెల్ల గీత వేరు కొసకి రెండు మిల్లీమీటర్ల లోపు ఆగాలి, మధ్యలో నల్ల ఖాళీలు ఉండకూడదు. సగంలో ఆగితే మళ్ళీ చేయించాల్సి రావచ్చు. రీట్రీట్‌మెంట్ మొదటిదానికన్నా ఖరీదు.

డాలస్_కిరణ్: 24,500 అంటే 300 డాలర్లు కూడా కావు కదా, దీనికి చర్చ ఎందుకు? ఇక్కడ ఎస్టిమేట్‌లో రూట్ కెనాల్‌కి D3330, కోర్‌కి D2950, క్యాప్‌కి D2740 అని కోడ్ వారీగా వస్తుంది, ఇన్సూరెన్స్ ఏడాది పరిమితి ఒక్క పన్నుతోనే అయిపోతుంది.

సూర్య_లెక్కలు: జీతం రూపాయల్లో వచ్చేవాళ్ళకి డాలర్ లెక్క ఎందుకన్నా? కోడ్ వారీగా ఇవ్వడం మాత్రం బాగుంది. "అన్నీ కలిపి" అంటే చివర్లో "క్యాప్ మామూలుది సార్, మంచిదైతే ఎక్స్‌ట్రా" అనడానికే. ఎండోగారూ, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ సంగతి చెప్పలేదు?

ఎండో_బెజవాడ: ఖర్చు బాగా తక్కువ. పీజీ విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు, కాబట్టి తొందరపాటు ఉండదు. కాకపోతే క్యూలూ, సిట్టింగులూ ఎక్కువ. సెలవు పెట్టుకోగలిగితే మంచి దారే.

ల్యాబ్_బెంచ్: ఒక్క విషయంలో ఎండోగారితో ఏకీభవించను. దవడ పన్నుకి జిర్కోనియా కోసం రెట్టింపు ఇవ్వడం వృథా. లోహాన్ని లేజర్‌తో తయారుచేసి పైన పింగాణీ వేసే కోబాల్ట్-క్రోమియం లేజర్ క్యాప్ సగం ధరకి వస్తుంది, పని అదే చేస్తుంది. వారంటీ పదేళ్ళా పదిహేనేళ్ళా అని మురిసిపోతారు గానీ, ఆ కార్డు ఇచ్చేది కొత్త క్యాప్ మాత్రమే. లోపల పన్ను పాడైతే ల్యాబ్‌కి సంబంధం లేదు, డాక్టరు ఫీజు మళ్ళీ కట్టాలి.

ఎండో_బెజవాడ: వారంటీ మాట నిజమే. పింగాణీ మాత్రం నమిలే పన్ను మీద పెచ్చులూడటం నేను తరచుగా చూస్తాను, ఒకే ముక్క జిర్కోనియాకి ఆ బాధ లేదు. దానికీ ఒక షరతు ఉంది: బైట్ కోసం నోట్లో గీకాక మళ్ళీ పాలిష్ చేయకపోతే, గరుకుగా మిగిలి పైపన్నుని అరగదీస్తుంది.

నల్లకుంట_రవి: మొదటి క్లినిక్‌కి ఫోన్ చేశాను. పోస్ట్ తీసేసి కోర్ 1,500 అంటే ఒప్పుకున్నారు, జిర్కోనియా 11,000కి దిగారు. మొత్తం 19,500. మెటల్-సిరామిక్ అయితే 13,500 అన్నారు. లేజర్ క్యాప్ వాళ్ళ ల్యాబ్ చేయదట. రూట్ కెనాల్ రేపు మొదలుపెట్టిస్తున్నా, క్యాప్ సంగతి ఆఖరి ఎక్స్‌రే చూశాక చెప్తానన్నాను.