"హెడ్‌లెస్" బోర్డును తెలుగులో ఏమనాలి? (ల్యాబు కాగితం కోసం అడుగుతున్నా)

తిరుచానూరు ల్యాబు:
పిల్లలకు ఒక పేజీ తెలుగు కాగితం రాస్తా ఉండాను. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డులు. దేనికీ మానిటర్ లేదు, కీబోర్డు లేదు. కార్డు పెట్టి కరెంటు ఇస్తానే ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ కావాల. మొదటి వాక్యం ఇట్ల వచ్చింది: "తలలేని పైని తొలి బూటులోనే దూరం నుంచి లాగిన్ అయ్యేలా అమర్చుట." తలలేని అంటే ఏదో ముక్క విరిగిపోయినట్టు ఉంది. తొలి బూటు అంటే చెప్పుల అంగడి మాదిరి ఉంది. ఏం రాస్తే బాగుంటాది?

మదనపల్లె మేష్టారు:
తల లేనిదానికి మొండెం అనే మాట ఉంది గానీ, అది పేపర్లో నేర వార్తలకే సరిపోతుంది. మొండి చెయ్యి, మొండి గోడ అన్నట్టు "మొండి బోర్డు" అందామా అంటే, చెప్పిన మాట వినని బోర్డు అనుకుంటారు. "తెర లేని బోర్డు" అనండి. బూటు జోలికి పోకుండా "తొలి తడవ కరెంటు ఇచ్చినప్పుడే" అనండి. తడవ మన వైపు పిల్లలకు తెలిసిన మాటే. "పైని", "పైకి" అని కూడా రాయకండి, పైకి లాగిన్ అంటే మేడ మీదికనుకుంటారు. బోర్డు చాలు.

కుప్పం పిల్లోడు:
మాటకేముంది సార్, పనే రెండు నిమిషాలది. కార్డు బూట్ భాగంలో `ssh` అని ఖాళీ ఫైలు, వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసిన `wpa_supplicant.conf` ఇంకొకటి. కరెంటు ఇచ్చి `pi`, `raspberry` అని లాగిన్. అంతే.

పీలేరు అక్క:
తమ్ముడూ, ఖాళీ `ssh` ఫైలు మాట నిజమే, బుక్‌వర్మ్ అనే ఓఎస్ వెర్షన్‌లో కూడా అది పనిచేస్తుంది. మిగతా రెండూ పాత సంగతులు. `pi` అనే ఖాతా ముందే ఉండటం 2022 ఏప్రిల్‌తో పోయింది. ఖాతా పేరు మనమే ఇవ్వాలి, ఇవ్వకపోతే బోర్డు తెర మీద అడుగుతూ కూర్చుంటుంది. ఆ తెర మన దగ్గర లేదు. ఇక 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ నుంచి వైఫైని నెట్‌వర్క్‌మేనేజర్ చూసుకుంటోంది. కార్డులో `wpa_supplicant.conf` పెట్టినా దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. నెట్‌లో సగం పాఠాలు ఇప్పటికీ ఈ పాత పద్ధతే చెబుతున్నాయి. అవి చూసి చేసినవాళ్ళకు బోర్డు చచ్చిందేమో అనిపిస్తుంది. అది బాగానే ఉంటుంది, నెట్‌వర్క్‌లోకి రాదంతే.

కాగితంలో ఏ మాట పెట్టినా అసలు సంగతి ఇది: కరెంటు ఇవ్వకముందే కార్డు మీద మూడు విషయాలు రాసి ఉండాలి. లోపలికి వచ్చేది ఎవరు, అంటే ఖాతా పేరు, పాస్‌వర్డ్. ఏ నెట్‌వర్క్‌లో కలవాలి. తలుపు తీసి ఉందా, అంటే దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్. ఏ ఒక్కటి మరిచినా తర్వాత సరిచేయడానికి లోపలికి పోయే దారే ఉండదు.

చేతితో ఫైళ్ళు రాసేకన్నా రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో చేయించండి. బోర్డు రకం, ఓఎస్ (లైట్ చాలు, డెస్క్‌టాప్ ఎందుకు), కార్డు ఎంచుకున్నాక కస్టమైజేషన్ అడుగుతుంది. అక్కడ దాటేసి ముందుకు పోకూడదు. హోస్ట్‌నేమ్ `lab07`, ఖాతా `lab`, ఒక పాస్‌వర్డ్, వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, దేశం `IN`, ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌తో ఆన్. దేశం ఖాళీగా వదిలితే బోర్డు తన వైఫై రేడియోను తానే మూసిపెట్టుకునే ప్రమాదం ఉంది. హోస్ట్‌నేమ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఉండాలి. కింది గీత పనికిరాదు. తెలుగు మాటలు వెతికే ఈ గుంపు వాళ్ళకు బాధే గానీ, తెలుగు అక్షరాలు కూడా పనికిరావు.

రాయడం అయ్యాక విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని అడగొచ్చు. రెండో భాగం లైనక్స్‌ది, దానికి అర్థం కాదు. ఒప్పుకుంటే చేసిన పనంతా గంగలో కలిసినట్టే. క్యాన్సిల్ కొట్టి కార్డు తీయమనండి.

చిత్తూరు బజారు:
తెర లేకుండా వాడే పద్ధతి అంటే చూసి వచ్చినా. నా ల్యాప్‌టాప్ తెర పగిలింది. మార్చడానికి అంగట్లో చెప్పిన రేటుకు ఇంకొంచెం వేస్తే పాతది ఇంకొకటి వస్తాది. ఈ కార్డు పద్ధతి దానికి పనికొస్తాదా అక్కా?

పీలేరు అక్క:
రాదన్నా. ఇది కొత్తగా ఓఎస్ ఎక్కించేటప్పుడు చేసే పని. మీ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే ఇంట్లో టీవీకి తగిలించండి, చాలాసార్లు అదే బొమ్మ అందులో వస్తుంది.

మదనపల్లె మేష్టారు:
చూశారా, "తెర లేని" అంటే "తెర పోయిన" అని అర్థమైంది. నా మాటకూ గండి పడింది.

తిరుచానూరు ల్యాబు:
అక్కా, మీరు చెప్పినట్టే `lab07` చేసినాను. వైఫై ఫోన్ హాట్‌స్పాట్, ల్యాప్‌టాప్ కూడా దాంట్లోనే. ఐదు నిమిషాలైనా ఇదే వస్తా ఉంది:

```
$ ssh lab07.local
ssh: Could not resolve hostname lab07.local: Name or service not known
```

బోర్డు మీద ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటా ఉంది.

పీలేరు అక్క:
దీపం మిణుకుతోందంటే కార్డు చదువుతోంది, కరెంటు సరిగ్గానే ఉంది. కేబుల్ `PWR IN` అని రాసిన రంధ్రంలోనే ఉందని మాత్రం చూసుకోండి. తొలి తడవ కార్డు ఖాళీ అంతా తనలో కలుపుకొని, ఒకసారి తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్యలో కరెంటు పీకకూడదు. అందుకే రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఐదు నిమిషాలంటే ఆగడం చాలు, ఇక వెతకాలి.

ఈ తప్పు సందేశానికి అర్థం "ఆ పేరుగలవాళ్ళు ఎవరూ పలకలేదు" అని. ఇప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్ తెరిచి, కలిసిన పరికరాల వరుస చూడండి. అందులో రెండు ఉన్నాయా, ఒకటేనా?

తిరుచానూరు ల్యాబు:
ఒకటే. ల్యాప్‌టాప్.

పీలేరు అక్క:
అయితే బోర్డు వైఫైలోకి రాలేదు. హాట్‌స్పాట్ బ్యాండ్ చూడండి, 5 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. జీరో 2 డబ్ల్యూకు 2.4 మాత్రమే కనబడుతుంది. ల్యాప్‌టాప్‌కు రెండూ వస్తాయి కాబట్టి మనకు తేడా తెలియదు. 2.4కు మార్చండి, సెక్యూరిటీ WPA2 పెట్టండి. కార్డు ముట్టుకోవద్దు, బోర్డు తనే వెతుక్కుంటుంది. రాకపోతే ఒకసారి కరెంటు తీసి ఇవ్వండి.

బ్యాండ్ సరిగ్గా ఉండి కూడా రాలేదంటే వైఫై పేరో పాస్‌వర్డో తప్పు కొట్టినట్టు. పెద్ద అక్షరం, చివర్లో ఖాళీ, ఇలాంటివే. ఇక్కడ చాలామంది కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టి సరిచేయాలని చూస్తారు. బుక్‌వర్మ్‌లో ఇమేజర్ రాసిన `firstrun.sh` తొలి తడవ నడిచి తనను తానే తుడిచేసుకుంటుంది. అందుకే వెతికితే ఆ ఫైలు కనబడదు. మళ్ళీ కార్డు రాయడమే సుళువు. ఏ తప్పు కొట్టామో తెలిస్తే ఇంకో దారి ఉంది: హాట్‌స్పాట్ పేరునే ఆ తప్పుతో మార్చండి. బోర్డు వచ్చి కలుస్తుంది. లోపలికి పోయి తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

కుప్పం పిల్లోడు:
ఇది బాగుందక్కా, తప్పుకు తప్పే మందు.

తిరుచానూరు ల్యాబు:
బ్యాండే. 2.4కు మారిస్తే వరుసలో రెండైనాయి. అయినా `lab07.local` పలకలేదు. వరుసలో చూపించిన ఐపీతో పోతే పాస్‌వర్డ్ అడిగింది. సరైనదే కొట్టినా:

```
Permission denied, please try again.
```

పీలేరు అక్క:
పేరు కొన్ని హాట్‌స్పాట్‌లలో పలకదు, ఐపీతోనే పోండి. పాస్‌వర్డ్ సంగతి వేరు. మీ ఆజ్ఞలో ఖాతా పేరు లేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో మీ ఖాతా పేరేదో దాన్నే పంపుతుంది, ఆ పేరుతో బోర్డులో ఎవరూ లేరు. ఇలా కొట్టండి, ఐపీ మీకు కనబడినది:

```
ssh lab@192.168.43.57
```

కాగితంలో ఈ రెండు సందేశాల తేడా తప్పకుండా రాయండి. `Connection refused` అంటే బోర్డు దొరికింది గానీ తలుపు మూసి ఉంది: ఇంకా లేస్తూ ఉండాలి, లేదా ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయడం మరిచి ఉండాలి. `Permission denied` అంటే తలుపు తెరిచే ఉంది, మనం చెప్పిన పేరో పాస్‌వర్డో నచ్చలేదు. దాని పక్కన బ్రాకెట్‌లో `publickey` ఒక్కటే కనబడితే ఇమేజర్‌లో తాళంచెవి పద్ధతి ఎంచుకున్నట్టు, పాస్‌వర్డ్ ఎంత కొట్టినా లాభం లేదు. ఇంకొక్క వాక్యం: పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనబడవు, కర్సర్ కదలదు. ఇది చెప్పకపోతే పిల్లలు కీబోర్డు పాడైందంటారు.

తిరుచానూరు ల్యాబు:
పోయినా అక్కా, `lab@lab07` అని వచ్చింది! ఇదే కార్డును రేపు ఇంకో బ్యాచ్‌కు మళ్ళీ రాస్తాము. అప్పుడు కూడా ఇంతేనా?

పీలేరు అక్క:
అప్పుడు `REMOTE HOST IDENTIFICATION HAS CHANGED` అని పెద్ద అక్షరాలతో భయపెడుతుంది. కార్డు కొత్తగా రాశాం కాబట్టి బోర్డు గుర్తు మారింది, ల్యాప్‌టాప్ దగ్గర పాత గుర్తే ఉంది. కార్డు మార్చింది మనమే అని తెలిసినప్పుడు మాత్రమే పాతది తుడవండి:

```
ssh-keygen -R 192.168.43.57
```

పేరుతో పోయి ఉంటే ఐపీ చోట పేరు.

కుప్పం పిల్లోడు:
మా హాస్టల్ వైఫైలో అయితే బోర్డు కలిసినా ఒకదానికొకటి కనబడవు. ముందు బ్రౌజర్‌లో రోల్ నంబర్ కొట్టే పేజీ కూడా వస్తాది. దానికేం చేయాల?

పీలేరు అక్క:
ఆ పేజీ బోర్డు తెరవలేదు. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా నెట్‌వర్క్ వాళ్ళే ఆపి ఉంటారు, అది మన కార్డుతో తీరేది కాదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడు.

మదనపల్లె మేష్టారు:
మాట సంగతి తేలలేదు. "తెర పెట్టని బోర్డు" అంటే? లేదు, పోయింది అన్న అర్థం రాకుండా, మనమే పెట్టలేదని తెలుస్తుంది.

పీలేరు అక్క:
బాగుంది మేష్టారూ, కానీ కీబోర్డు కూడా పెట్టడం లేదుగా. నేనైతే హెడ్‌లెస్ అనే ఉంచుతా, రేపు పిల్లలు వెతికేది ఆ మాటతోనే.

తిరుచానూరు ల్యాబు:
శీర్షికలో హెడ్‌లెస్, లోపల "తెర పెట్టని" అని రాస్తాను. "తొలి తడవ" ఖాయం. ఆపేటప్పుడు `sudo poweroff` కొట్టి, దీపం ఆరినాకే కరెంటు తీయమని చివర్లో చేర్చినా.

మదనపల్లె మేష్టారు:
రెండు మాటలు పెడితే రెండు వస్తువులనుకుంటారు గదా?