“విలోమం” అనాలా, “వ్యుత్క్రమం” అనాలా? (దీంతో పాటు ఓ కందపద్యం కూడా కావాలి)

గాజువాక కలం
అందరికీ నమస్కారం. రెండంగుళాల ఫోమ్ షీటు డేటాషీటుకు తెలుగు చేస్తున్నాను. ఇన్సులేషన్ అని శ్లాబుల మీద వేస్తారే, నీలం రంగు షీట్లు, అవి. శ్రీకాకుళం, విజయనగరం డీలర్లకు పంచుతారట. ఇంగ్లీషు కాగితంలో ఆర్ విలువ 10 అని మాత్రమే ఉంది. ఓనరుగారు పక్కన యూ విలువ కూడా వెయ్యమన్నారు, వాళ్ల కుర్రాడు 0.1 అని పెన్సిలుతో రాసిచ్చాడు. “యూ విలువ ఆర్ విలువకు విలోమం” అని రాసి ఆగిపోయాను. విలోమమా, వ్యుత్క్రమమా?

ఇంకోటి. విలోమం అని రాసిన దగ్గర్నుంచి మా తెలుగు మేష్టారు చెప్పిన పద్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది. వెనక నుంచి చదివితే సంస్కృతం అవుతుందని చెప్పేవారు. “తా వినువారికి సరవిగా...” అంతవరకే వస్తోంది. తరవాతేమిటి?

మురళీనగర్ లెక్కలు
స్కూలు పుస్తకాల ప్రకారం వ్యుత్క్రమం. విలోమం అంటే ఏ విలోమమో చెప్పాలి. 10కి సంకలన విలోమం −10, గుణకార విలోమం 1/10. ఉత్త విలోమం అని వదిలేస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలే మైనస్ పెట్టేస్తారు. 1ని 10తో భాగిస్తే 0.1. కుర్రాడు సరిగ్గానే రాశాడు.

సీతమ్మధార మాస్టారు
“సరవిగా” కాదమ్మా, “సరవిగ”. గ హ్రస్వం. అది కందం. తావిను, వారికి, సరవిగ, ఒక్కో గణానికి నాలుగేసి మాత్రలు. గా అన్నావంటే మూడో గణం అయిదు మాత్రలై కూర్చుంటుంది.

కంచరపాలెం వైరింగ్
ఇన్సులేషన్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. రెసిస్టెన్స్ పది ఓమ్‌లేనా? మేం మెగ్గర్ పెడితే మెగాఓమ్‌ల్లో రాకపోతే కేబులు పక్కన పడేస్తాం.

గాజువాక కలం
అయ్యో, ఇది కరెంటు ఇన్సులేషన్ కాదండీ, వేడిది. ఆర్ అంటే షీటు వేడిని ఎంత అడ్డుకుంటుందో, యూ అంటే ఎంత పోనిస్తుందో.

బీచ్ రోడ్డు గాలి
బిల్డింగుల ఏసీ డిజైన్ నా పని కాబట్టి మధ్యలో వస్తున్నా. కలం గారూ, మాట సంగతి తరవాత, ముందు ఆ 0.1 ప్రెస్సుకు వెళ్లకుండా ఆపండి. లెక్కల మాస్టారి భాగహారంలో తప్పు లేదు, అయితే ఆ 10 ఏ కొలతలో పదో ఆయన అడగలేదు. రెండంగుళాల షీటుకు ఆర్ పది అంటే అది అమెరికా కొలత, అడుగులు, ఫారన్‌హీటు, బీటీయూ. దాన్ని తిరగేస్తే వచ్చే 0.1 కూడా ఆ కొలతలోదే. మన దగ్గర యూ విలువ అనగానే చదరపు మీటరుకి, డిగ్రీకి ఎన్ని వాట్లు అనే అందరూ చదువుతారు. అందుకని:

```
U (W/m²K) = 5.678 / R (ft²·°F·h/BTU)
5.678 / 10 = 0.568
```

అంటే 0.57. కుర్రాడి అంకె ప్రకారం షీటు ఉన్నదానికంటే సుమారు ఆరు రెట్లు మంచిదైపోయింది.

మురళీనగర్ లెక్కలు
5.678 ఎక్కడిదండీ? వ్యుత్క్రమానికి స్థిరాంకం ఉండదు. 10 × 0.1 = 1, 10 × 0.568 ఒకటి కాదు. అంటే మీ రెండూ వ్యుత్క్రమాలు కావు.

బీచ్ రోడ్డు గాలి
కావు మరి. ఆ పదిని ముందు మన కొలతలోకి తెచ్చుకోవాలి, 10ని 5.678తో భాగిస్తే 1.76. ఈ 1.76, 0.568 ఒకదానికొకటి వ్యుత్క్రమాలు, గుణించి చూసుకోండి. చదరపు అడుగుని చదరపు మీటర్లలోకి, ఫారన్‌హీటు డిగ్రీని మన డిగ్రీలోకి, గంటకి బీటీయూని వాట్లలోకి మారిస్తే మిగిలే అంకే అది.

అనుమానం ఉంటే ఇంకో దారి ఉంది. షీటు మందాన్ని ఆర్‌తో భాగిస్తే ఆ పదార్థం వేడిని ఎంత పోనిస్తుందో వస్తుంది. మందం 0.0508 మీటరు. 1.76తో భాగిస్తే 0.029, ఈ రకం ఫోమ్‌కి సరిగ్గా ఉండాల్సిన అంకె. పదినే మీటర్ల కొలత అనుకుని భాగిస్తే 0.005. కదలని గాలికే 0.026 ఉంటుంది. గాలి బుడగలతో చేసిన షీటు గాలిని అయిదు రెట్లు మించిపోతుందా? లోపల గాలి తీసేసిన వాక్యూమ్ ప్యానెళ్లకు తప్ప ఆ అంకె రాదు. ఇది చూసే ఓసారి ఒక కాగితాన్ని వెనక్కి పంపాను. ఏ కంపెనీదో అడక్కండి.

పెదవాల్తేరు పాఠకుడు
కలం గారి పద్యం రాఘవపాండవీయంలోది. ముందు నుంచి రామాయణం, వెనక నుంచి భారతం.

సీతమ్మధార మాస్టారు
రెండు కావ్యాలు కలిపేశావు నాయనా. రాఘవపాండవీయం ద్వ్యర్థి, ఒకే వైపు చదివితే రెండు కథలు వస్తాయి. వెనక్కి చదివేది సంస్కృతంలో వేంకటాధ్వరి రాఘవయాదవీయం, అందులో రాముడి కథ తిరగేస్తే కృష్ణుడి కథ. కలం అమ్మాయి అడిగింది ఈ రెండూ కాదు, కళాపూర్ణోదయంలోది. రాఘవపాండవీయం రాసిన పింగళి సూరనే దీన్నీ రాశాడు కాబట్టి నీకు ఆయన పేరు వరకు సగం మార్కులు. ముందు నుంచి తెలుగు, వెనక నుంచి సంస్కృతం. ఒకే పద్యంలో రెండు భాషలు! ప్రబంధ కవుల్లో సూరనకు రావలసినంత పేరు రాలేదని నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను.

పెదవాల్తేరు పాఠకుడు
సగం మార్కులు పుచ్చుకున్నాను. కానీ “సరవిగా” అనే విన్నట్టు గుర్తు మాస్టారూ. రాగం తీసి పాడేటప్పుడు గా అంటారేమో.

సీతమ్మధార మాస్టారు
పాడేవాడు ఏమైనా అంటాడు. వెనక నుంచి చదివి చూడు, “గ వి ర స కి రి...” అని వస్తుంది. గా పెడితే అవతలి వైపు కూడా గా మొదలవుతుంది. ఇక్కడ పెంచిన మాత్ర అక్కడ బయటపడుతుంది.

ఎంవీపీ పై అంతస్తు
మాది ఆఖరి అంతస్తు సార్. మే నెలలో రాత్రి పదకొండుకి కూడా సీలింగ్ నుంచి సెగ కొడుతుంది. 0.57 ఉన్న ఈ షీటు లోపల సీలింగుకు అంటిస్తే సరిపోతుందా?

బీచ్ రోడ్డు గాలి
మీరడిగారు కాబట్టి కలం గారి కాగితంలోని రెండో చిక్కు చెబుతాను. 0.57 షీటుది, మీ కప్పుది కాదు. కప్పు యూ విలువ కావాలంటే అన్ని పొరల ఆర్‌లూ కూడాలి, ఆఖర్న ఒక్కసారే తిరగెయ్యాలి. ఆరంగుళాల శ్లాబుకి 0.10 వేసుకోండి. కప్పుకి లోపల, బయట అంటుకుని ఉండే గాలి పొరలు కూడా కొంత అడ్డుపడతాయి. వేడి పై నుంచి కిందికి దిగుతోంది కాబట్టి లోపల 0.17, బయట 0.04. ఈ మూడూ కలిపితే 0.31, తిరగేస్తే 3.2. షీటు లేని మీ కప్పు ఇదీ. షీటు 1.76 కలిపితే 2.07, యూ 0.48.

ఇళ్ల కప్పులకు ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి పెట్టిన హద్దు 1.2, మీరు దాని లోపలే ఉంటారు. ఆఫీసుల్లాంటి వాటికి అలాంటి నియమావళే అయిన ఈసీబీసీ 2017లో ఎక్కువ భవనాలకు 0.33 అడుగుతారు. అక్కడ ఇది తప్పుతుంది, మూడంగుళాలు వేసినా 0.34 దగ్గర ఆగిపోతుంది. కుర్రాడి 0.1 చూసి ఎవరైనా ఆఫీసు బిల్డింగుకి రెండంగుళాలు వేశారనుకోండి, డీలరు మెడకు చుట్టుకుంటుంది.

రాత్రి సెగ వేరే సంగతి. పగలంతా శ్లాబు మింగిన వేడి రాత్రి కక్కుతుంది, యూ విలువలో ఆ దాచుకోవడం కనబడదు. అందుకే వీలైతే షీటు శ్లాబు పైన వేసి, దాని మీద కాంక్రీటు పొర పోస్తారు.

కంచరపాలెం వైరింగ్
అంటే సిరీస్‌లో రెసిస్టెన్సులు కూడినట్టేగా?

బీచ్ రోడ్డు గాలి
అచ్చంగా అంతే. ఇందాక మిమ్మల్ని చూసి నవ్వుకున్నాను, వెనక్కి తీసుకుంటున్నా. యూ విలువలు కూడితే తప్పు, సగటు తీసినా తప్పే. 3.2నీ 0.57నీ కూడి 3.77 అని రాసిన లెక్క ఒకటి చూశాను. ఇన్సులేషన్ వేశాక కప్పు ముందుకన్నా పాడయ్యిందన్నమాట!

మురళీనగర్ లెక్కలు
సరే, కొలత నేను అడగలేదు, ఒప్పుకున్నా. మాట మటుకు వ్యుత్క్రమమే. “విలోమానుపాతం” అని కూడా రాయకండి. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుందనే చెబుతుంది గానీ, లబ్ధం ఎంతో చెప్పదు.

సీతమ్మధార మాస్టారు
తమాషా చూడండి. వ్యుత్క్రమం అంటే అసలు తలకిందులైన క్రమం. ఆ లెక్కన సూరన పద్యానికి పనికొచ్చే మాట అది. లోమం అంటే వెంట్రుక, విలోమం అంటే వెంట్రుకలకు ఎదురుగా దువ్వడం. వేడి ఒక దిక్కున పోతుంటే ఎదురు నిలబడే షీటుకి విలోమం అంటే నాకేం అభ్యంతరం లేదు.

మురళీనగర్ లెక్కలు
మాస్టారూ, ఎదురు నిలబడేది ఆర్. మనం పేరు పెడుతున్నది యూకి.

సీతమ్మధార మాస్టారు
అయితే యూని అనులోమం అందామా?

మురళీనగర్ లెక్కలు
అనకండి.

గాజువాక కలం
ఓనరుగారితో ఫోనులో మాట్లాడాను. రెండు మాటలూ డీలర్లకు అర్థం కావన్నారు. 0.1 కొట్టేసి ఇలా రాశాను: “ఆర్ విలువ 10 (అమెరికా కొలత), మన కొలతలో 1.76. ఒకటిని 1.76తో భాగిస్తే షీటు ఒక్కదాని యూ విలువ 0.57. శ్లాబుతో కలిపిన కప్పుకి వేరేగా లెక్క కట్టాలి. ఆర్ ఎక్కువైతే మంచిది, యూ తక్కువైతే మంచిది.” ఫరవాలేదా?

బీచ్ రోడ్డు గాలి
బావుంది. ఆర్ పక్కన కొలత వదలకండి. షీటు మందం కూడా అదే వరసలో వెయ్యండి, ఎవరైనా భాగించి చూసుకోవచ్చు.

ఎంవీపీ పై అంతస్తు
శ్లాబు పైన మాకు ఇప్పటికే టైల్స్ ఉన్నాయి సార్. వాటి మీదే షీటు వెయ్యొచ్చా, పీకాలా?

పెదవాల్తేరు పాఠకుడు
కలం గారూ, మాస్టారు మిగతా మూడు పాదాలూ చెప్పలేదు, గమనించారా?

సీతమ్మధార మాస్టారు
చెప్తాను. పుస్తకం అటక మీద ఉంది. మనవడు వచ్చాక దింపిస్తా. గ మాత్రం హ్రస్వమే.