పూరీ పొంగకపోతే తప్పు పిండిదా, నూనెదా?

కొర్లగుంట కోడలు: ఆదివారం ఎనిమిది మందికి పూరీలు చేశాను. మొదటి నాలుగూ బంతుల్లా పొంగాయి. తర్వాతవన్నీ చదునుగా, నూనె కారుతూ వచ్చాయి. పిండి మెత్తనైందని మా అత్తమ్మ, నూనె కాగలేదని మా ఆయన. ఎవరిది నిజం?

పలమనేరు పిల్లోడు: మీ ఆయన మాటే రైట్ అక్కా. నూనె పొగలొచ్చేదాకా కాగితే ఏ పిండైనా పొంగుతుంది. హాస్టల్లో మిగిలిన చపాతీ పిండి వేస్తే కూడా పొంగింది, నా కళ్లతో చూశాను.

తిరుపతి టిఫిన్ బండి: పొంగుతుంది తమ్ముడూ, కాదనను. భటూరా పిండి ఇంకా మెత్తగా ఉంటుంది, అదీ పొంగుతుంది. కానీ మెత్తటి పిండి పీటకు అంటుకుంటుంది. అంటుకుందని పొడిపిండి చల్లుతాం, అది నూనెలో రాలి అడుగున నల్లగా మాడుతుంది. పీట మీద నుంచి లాగి తీస్తుంటే పూరీ ఒకచోట పలచగా సాగుతుంది. లోపలి తడి ఆవిరై, అప్పటికే గట్టిపడిన పై పొరను ఎత్తితేనే పొంగు. పలచటి చోట చిరిగిందా, ఆవిరి అక్కడే జారిపోతుంది.

పావు కిలో గోధుమపిండికి నేను సుమారు 120 మి.లీ. నీళ్లు పోస్తాను, అదీ కొంచెం కొంచెంగా. చపాతీకైతే 150 దాకా పడుతుంది. ఉండను బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, అంచు పగలకూడదు. పగిలితే మరీ గట్టిగా కలిపినట్టు. ఆ బీటల్లోంచి కూడా ఆవిరి పోతుంది. ఇంకో చారెడు నీళ్లు చిలకరించి మళ్లీ పిసకాల్సిందే.

ఇక పొగ మాట. మా బండి మీద గానుగ చెనక్కాయ నూనె. అది రిఫైన్డ్ నూనె కంటే చాలా ముందే పొగ వదులుతుంది. రిఫైన్డ్ పొగ వచ్చేసరికి పూరీ పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒకే గుర్తు రెండింటికీ ఎట్లా సరిపోతుంది? శెనగ గింజంత పిండి ముక్క వేసి చూడండి. అడుగున కూర్చుని నింపాదిగా లేస్తే ఇంకా కాగాలి. బుసబుసమని బుడగలతో వెంటనే పైకొచ్చి, ఒకటి రెండు క్షణాలు రంగు మారకుండా తేలితే అదే సమయం. పడీపడగానే ఎర్రబడితే మంట తగ్గించి కాసేపు ఆగండి.

చిత్తూరు పెద్దమ్మ: మా ఇంట్లో పొంగుతాయి నాయనా, ఉర్లగడ్డ కూర వడ్డించేలోపే దిగిపోతాయి. రెండు చెంచాల బొంబాయి రవ్వ వేస్తే నిలుస్తాయంటారు, నిజమేనా?

తిరుపతి టిఫిన్ బండి: కరకర వస్తుంది పెద్దమ్మా. నిలవడం మాత్రం నేను ఒప్పుకోను. రవ్వ సరిగ్గా నానకపోతే వత్తేటప్పుడు పిండి చిరుగుతుంది.

పలమనేరు పిల్లోడు: మా అమ్మ ఎప్పుడూ వేస్తుంది, బాగానే నిలుస్తాయి అన్నా. సరే, కోడలక్క ప్రశ్నకు జవాబు ఏది? ఆమె పిండి ఒకటే కదా, నాలుగు పొంగి ఐదోది ఎందుకు పొంగలేదు?

కొర్లగుంట కోడలు: ఇరవై నాలుగూ ముందే వత్తి, ఫ్యాన్ కింద బట్ట మీద పరిచాను. నూనె చిటపటలాడితే భయమేసి మంట తగ్గించాను కూడా. తొందరలో రెండేసి వేశాను.

తిరుపతి టిఫిన్ బండి: చూశారా, ఒకటి కాదు, రెండు తప్పులు. గాలికి పైన ఎండిన పూరీ సాగదు, పొంగబోయి పగులుతుంది. చల్లటి పూరీలు రెండు పడితే చిన్న బాణలిలో నూనె వేడి పడిపోతుంది. మంట కూడా తగ్గిస్తే మళ్లీ లేవదు. అప్పుడు పైపొర గట్టిపడేలోపే ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది, ఖాళీ చోట్లలోకి నూనె ఎక్కుతుంది. మీవి నూనె కారాయన్నారు కదా, నాకు మంట మీదే ఎక్కువ అనుమానం. తేల్చుకోవాలంటే, పూరీ పొంగనప్పుడు అదే నూనెలో అప్పటికప్పుడు వత్తిన పూరీ ఒక్కటి వేయండి. అది పొంగితే తప్పు ఎండడానిది, పొంగకపోతే నూనెది.

కొర్లగుంట కోడలు: ఈ రోజు చూశాను అన్నా. తగ్గించిన మంటలో కొత్తగా వత్తినది కూడా చదునుగానే వచ్చింది. మంట పెంచి, పిండి ముక్క గభాల్న తేలాక మళ్లీ ఒకటి వేసి, అది పైకి రాగానే జల్లిగరిటెతో మెల్లగా నొక్కితే టప్పున ఉబ్బింది. ఫ్యాన్ కింద ఆరినవి మూడు వేస్తే రెండు పొంగాయి, ఒకటి అంచున చిరిగింది. మా ఆయనకింకా ఈ మాట చెప్పలేదు.