ఎర్రని వెలుగు చూసి మౌస్ నకిలీదని తేల్చవచ్చునా?

ప్రశ్న: ఒకే మోడల్ తీగ మౌస్‌లు రెండు కొన్నాను. ఒకదాని అడుగున ఎర్రని వెలుగు కనిపిస్తున్నది, రెండవది చీకటిగా ఉన్నా పనిచేస్తున్నది. రెండు లేబుళ్ల మీదా ఒకే సంఖ్య ఉన్నది. ఏది నకిలీ?

కొత్తమీట: వెలుగు కనిపించేదే నకిలీ. అసలు మౌస్‌లన్నీ ఇప్పుడు కంటికి కనిపించని పరారుణ కాంతినే వాడుతున్నాయి.

మరమ్మతుబల్ల: పరారుణ కాంతి మాట నిజమే కానీ, "అన్నీ" అనడం సరికాదు. ఎర్రని కాంతితో పనిచేసే అసలు మౌస్‌లు కూడా ఉన్నాయి, పైగా మోడల్ పేరు మార్చకుండానే తయారీదారులు లోపలి సెన్సారును మార్చడం కద్దు. చీకటిగా ఉన్నదాన్ని కదుపుతూ ఫోను ముందు కెమెరాతో చూడండి. పరారుణాన్ని ఆపే వడపోత వెనుక కెమెరాలో గట్టిగా ఉంటుంది కనుక, ఊదారంగు చుక్క ముందు కెమెరాలోనే కనిపించే అవకాశం ఎక్కువ. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది లేబుల్. ఆ సంఖ్య ముందు P/N అని ఉన్నదా, S/N అని ఉన్నదా? మొదటిది ఆ రకం మౌస్‌లన్నింటికీ ఒకటే కావచ్చు, రెండవది ప్రతి మౌస్‌కూ వేరుగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: S/N అనే ఉన్నది, పెట్టెల మీదా అదే సంఖ్య. ఊదా చుక్క కూడా కనిపించింది.

మరమ్మతుబల్ల: అలాగైతే కనీసం ఒకటి నకిలీ అని నా నమ్మకం, రెండూ కావచ్చు, ఒక అసలు లేబుల్‌ను నకలు తీసి అదే సంఖ్యతో ఎన్నో అచ్చువేయడం నకిలీదారులకు సులువు. విండోస్ డివైస్ మేనేజర్‌లో రెండింటి Hardware Ids కూడా చూడండి. అక్కడ లాజిటెక్‌కు `VID_046D`, మైక్రోసాఫ్ట్‌కు `VID_045E` కనిపించాలి. పెట్టె మీది పేరుతో అది పొసగకపోతే అనుమానం బలపడుతుంది, కానీ ఆ సంఖ్యను అనుకరించడం కష్టమేమీ కాదు కనుక పొసగినంత మాత్రాన అసలుదని చెప్పలేము.

తెల్లకీబోర్డు: నా కీబోర్డులో A, S అక్షరాలు ఎనిమిది నెలలకే చెరిగిపోయాయి. అదీ నకిలీదే కదా?

మరమ్మతుబల్ల: చెరిగిపోవడం ఒక్కటే సాక్ష్యం కాదండీ, ఎందుకంటే సిరాతో అచ్చువేసిన అక్షరాలు అసలు కీబోర్డులలోనూ అరుగుతాయి. పెట్టె మీద ఏమి రాశారో చూడండి. అక్షరాలను రెండు రంగుల ప్లాస్టిక్‌తో పోతపోశామని అక్కడ ఉంటే, మీట పైపొర అరిగినా అక్షరం పోకూడదు. పోయిందంటే ఆ మాట అబద్ధం. అలా రాయకపోతే అదే మోడల్ అసలు కీబోర్డును పక్కన పెట్టుకొని, అక్షరాల అంచులను, గీతల మందాన్ని, మీట మీద వాటి స్థానాన్ని భూతద్దంతో పోల్చండి.

కొత్తమీట: వెలుగు విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా కర్మాగారంలోనే ఒక లేబుల్ పొరపాటున రెండుసార్లు అచ్చయి ఉండవచ్చు కదా?

మరమ్మతుబల్ల: అసాధ్యమని అనను. కానీ సంఖ్య ఒకటై, లోపలి కాంతి వేరైన రెండు మౌస్‌లకు ఆ పొరపాటు చాలినంత కారణంగా నాకు తోచడం లేదు. రెండు లేబుళ్ల ఫొటోలను తయారీదారుకు పంపి, ఆ S/N ఏ తయారీకి చెందినదో అడగండి. ఎర్రని వెలుగుదీ చీకటిదీ ఏది అసలుదో ఇక్కడ కూర్చొని నేను చెప్పలేను.