జీతాల మధ్య మూడింతల తేడా ఉంటే ఇంటి ఖర్చు ఎట్ల పంచుకోవాలె?

నయీంనగర్_11
ఇద్దరం కొలువులు చేస్తున్నం. నాకు నెలకు 60,000 చేతికొస్తది. ఆయన హన్మకొండల ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్, 24,000. ఏప్రిల్, మే నెలల జీతం ఉండదు. కిరాయి, కిరాణం, పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాసు, పాప ఫీజు అన్ని కలిపితే నెలకు 36,000. ఇన్నాళ్లు చెరి సగం పెట్టుకున్నం. ఆయనకు ఆరు వేలే మిగులుతున్నయి, అందులకెళ్లి 5,000 ఊర్ల ఉన్న అత్తమ్మకు పోతయి. ఎండాకాలం వచ్చిందంటే చేబదులే. ఇగ జీతాన్ని బట్టి పంచుకుందామనుకుంటున్నం. అత్తమ్మకు పంపే పైసలు ఈ లెక్కల ఎక్కడ కలపాలె?

పరకాల_పిలగాడు
దీంట్ల ఏమున్నదక్కా. 60, 24 కలిపితే 84. 36,000ని 84తోని భాగించి 24తోని గుణిస్తే 10,286 వస్తది. అది ఆయన వాటా, మిగిలింది మీది. ఇద్దరికి సమానంగ మిగులుతయి, లొల్లి ఉండదు.

ఓరుగల్లు_పద్దు
పద్ధతి సరైనదే తమ్ముడూ, కానీ రెండు చోట్ల తప్పింది. ఇట్ల పంచితే ఇద్దరికీ సమానంగా మిగలదు. జీతంలో ఒకే శాతం మిగులుతుంది. నీ లెక్కలోనే చూడు, ఆమెకు 34 వేల పైన, ఆయనకు 14 వేల లోపు. సమానంగా మిగలాలంటే అది వేరే ఒప్పందం. ఆ రెండింటినీ ఒకటే అనుకుని మొదలుపెడితే మూడో నెలకే గొడవ వస్తుంది.

రెండోది, 24,000 అనేది ఆయన నెల జీతం కాదు. పది నెలలే వస్తుంది కాబట్టి ఏడాదికి 2,40,000, అంటే నెలకు 20,000. నిష్పత్తి 60కి 20, మూడుకు ఒకటి. ఆమె 27,000, ఆయన 9,000. జీతం వచ్చే పది నెలలూ ఆయన 4,000 చొప్పున వేరే ఖాతాలో పక్కన పెట్టాలి. మార్చి ఆఖరుకు 40,000 అవుతాయి. ఏప్రిల్, మే నెలలకు తలా 20,000 అందులోంచే తీసుకోవాలి. ఎండాకాలం చేబదులుకు మందు ఇదే. ఆ నాలుగు వేలు పక్కన పెట్టకపోతే నిష్పత్తి ఎంత సరిగ్గా ఉన్నా మే నెలలో చెయ్యి చాచక తప్పదు.

జమ్మికుంట_అన్న
మా దగ్గర ముగ్గురు అన్నదమ్ములం ఒక్క పొయ్యి మీదనే. తలకాయలు లెక్కబెట్టి పంచుకుంటం, పిల్లలకు అర తల. మీరు గూడ గట్ల చేస్కోన్రి.

ఓరుగల్లు_పద్దు
అన్నా, ఎవరు ఎంత తింటున్నారో చూసే లెక్క అది, ఉమ్మడి కుటుంబానికి బాగుంటుంది. ఇక్కడ ఇద్దరే, తలలు లెక్కపెడితే మళ్లీ చెరి సగానికే వస్తాం. వాళ్ల ఇబ్బంది అక్కడే మొదలైంది.

ఇప్పుడు అత్తమ్మ గారి 5,000 సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూడు దారులున్నాయి, ఏ దారి పట్టినా ఇంట్లో మొత్తం మిగిలేది 39,000. అది ఇద్దరి మధ్య ఎట్లా చీలుతుందన్నదే తేడా.

అది ఆయన సొంత ఖర్చు అనుకుంటే, ఆయన 9,000 ఇంటికి, 5,000 ఊరికి. ఆయనకు 6,000 మిగులుతాయి, మీకు 33,000.

ఆయన జీతంలోంచి ముందే తీసేసి నిష్పత్తి కడితే 60కి 15, అంటే నాలుగుకు ఒకటి. ఇంటి ఖర్చులో మీరు 28,800, ఆయన 7,200. ఆయనకు 7,800 మిగులుతాయి, మీకు 31,200. చాలామంది ఇదే చేస్తారు, కానీ ఏం జరిగిందో గమనించరు. అత్తమ్మ గారి 5,000లో 1,800 మీ జేబులోంచి పోయినట్టు. పేరు మాత్రం ఆయన ఒక్కడే పంపుతున్నట్టు.

దాన్ని ఇంటి ఖర్చుగా రాస్తే మొత్తం 41,000. మూడుకు ఒకటి లెక్కన మీరు 30,750, ఆయన 10,250. ఆయనకు 9,750 మిగులుతాయి, మీకు 29,250. ఇక్కడ మీ వాటా 3,750 అని పద్దులోనే కనబడుతుంది.

నాకు మూడోదే నచ్చుతుంది, ఎవరు ఎంత మోస్తున్నారో దాపరికం ఉండదు. కాకపోతే రేపు మీ అమ్మానాన్నలకు పంపాల్సి వచ్చినా అదే ఖాతాలోంచి పోవాలి. ఇది ఇప్పుడే మాట్లాడుకోండి.

నయీంనగర్_11
ముందే తీసేస్తే సరిపోతదనే అనుకున్నం. ఆ 1,800 సంగతి తట్టనే లేదు.

మంచిర్యాల_అక్క
చిట్టీ సంగతి ఎవ్వరు అడుగలే. మేం 2 లక్షల చిట్టీ కిస్తును ఇంటి ఖర్చులనే రాసినం, మూడు వంతులు ఆయన, ఒక వంతు నేను. చిట్టీ ఎత్తుకున్నంక మొత్తం ఆయన ఖాతాలకే పోయింది. నా వంతు ఏమైందంటే జవాబు లేదు.

ఓరుగల్లు_పద్దు
అక్కా, చిట్టీ ఖర్చు కాదు, పొదుపు. ఖర్చుల పద్దులో రాస్తే మీ వాటా కనబడకుండా పోతుంది. దానికి వేరే కాగితం పెట్టి, నెలనెలా డివిడెండ్ పోను నిజంగా కట్టింది ఎంతో, అందులో ఎవరిది ఎంతో రాయాలి. ఎత్తిన రోజు అదే వంతున చీల్చాలి. ఎత్తినాక కూడా కిస్తులు కట్టాలి కదా, అవీ అదే వంతున. ఇంటి జాగా కిస్తుకైనా ఇదే మాట. ఒకరి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉండి ఇద్దరూ కడుతుంటే దాన్ని ఖర్చుల్లో కలపొద్దు.

కాజీపేట_జంక్షన్
లెక్క బాగనే ఉన్నది గని నడిపేటప్పుడు ఎక్కడ చెడుతదో చెప్త. కిరాయి, ఫీజు, కరెంటు బిల్లు ఫోన్ల కనబడతయి. కొత్తిమీర, పాలప్యాకెట్, ఆటో కనబడయి. అంగడికి ఎవరు పోతే వాళ్ల జేబుకెళ్లి రోజు నూరో నూటయాభయ్యో పోతయి. రోజుకు నూరే అనుకున్నా నెలకు మూడు వేలు. ఆయన వాటా తొమ్మిది వేలే అయినప్పుడు ఆ మూడు వేలు ఆయన జేబుకెళ్లి పోతే నిష్పత్తికి అర్థమే లేదు.

అందుకే ఇద్దరి పేరు మీద ఒక ఖాతా తెరువున్రి. జీతం పడ్డ మర్నాడు ఇద్దరి వాటా దాంట్లకు పోయేటట్టు బ్యాంకుల చెప్పి పెట్టున్రి. ఇద్దరి ఫోన్లల్ల యూపీఐకి ఆ ఖాతా కలుపుకోన్రి. టమాటలు కొన్నా దాంట్లకెళ్లే కొట్టాలె. చిల్లరకు వంటింట్ల డబ్బాల 1,500 పెట్టి, అయిపోతే మళ్ల ఆ ఖాతాకెళ్లే నింపాలె. షీట్ల ఈ ఒక్క వరస చాలు. A2ల ఆమె జీతం, B2ల ఆయన జీతం పన్నెండు నెలలకు పంచితే వచ్చే 20,000, C2ల ఖర్చు:

```
=ROUND(C2*B2/(A2+B2),-1)
```

ఆయన వాటా పదికి సవరించి వస్తది. జీతం పెరిగినప్పుడు A2, B2 మార్చాలె, నెలనెలా ముట్టుకోవద్దు.

పరకాల_పిలగాడు
మరి జీతం అంటే ప్యాకేజీ వేసుకోవాల్నా, చేతికొచ్చేదా?

ఓరుగల్లు_పద్దు
చేతికొచ్చేదే. ఒక్క జాగ్రత్త. పన్ను, తప్పనిసరి పీఎఫ్ పోతే పోయినట్టే. సొంత ఇష్టంతో ఎక్కువ కట్ చేయించుకునే పీఎఫ్, జీతంలోంచి పోయే సొంత అప్పు కిస్తు మాత్రం తిరిగి కలపాలి. లేకపోతే ఎక్కువ పొదుపు చేసేవాళ్ల వాటా తగ్గిపోతుంది, ఆ బరువు అవతలి వాళ్ల మీద పడుతుంది.

మంచిర్యాల_అక్క
వంట, పాప చదువు, అత్తమ్మను దవాఖానకు తీస్కపోవుడు, ఇవి ఏ గడిల రాస్తరు? 27,000 పెట్టేటామెనే పొద్దుగాల నాలుగున్నరకు లేస్తుండవచ్చు.

ఓరుగల్లు_పద్దు
అక్కా, దానికి రూపాయి లెక్క కట్టినవాళ్లను చూశాను గానీ, నిలబడింది ఒక్కటీ చూడలేదు. గంటకు ఎంత అని ఎవరు చెప్పాలి? పనిమనిషి జీతాన్ని ఉమ్మడి ఖాతాలో పెట్టడం వరకే నాకు తెలిసిన దారి.

కాజీపేట_జంక్షన్
నేనైతే ఒప్పుకోను. ఆయనకు రెండు నెలలు సెలవులు కదా, ఆ రెండు నెలలు వంట, పాప ఆయన చూస్కోవాలె. పైసలు లేని నెలల పని ఇస్తడు.

నయీంనగర్_11
సెలవులల్ల పేపర్లు దిద్దుడు, అడ్మిషన్లకు ఊర్లు తిరుగుడు ఉంటయి అన్నా, జీతం లేకున్నా. ఈ ముక్క ఇంకా తేలలే మాకు. ఉమ్మడి ఖాతా మటుకు ఈ వారం తెరుస్తున్నం, అత్తమ్మ పైసలు దాంట్లకెళ్లే పోతయి. మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉన్నది, అది గూడ దాంట్లకెళ్లేనా అని ఆయననే అడిగిన. ఆలోచిస్తున్నడు.