నెట్ పోయినప్పుడు బిల్లు నంబర్ ఎవరివ్వాలి: కౌంటరా, సర్వరా?

తెనాలి కిరాణా
మాది రెండు కౌంటర్ల సూపర్‌మార్కెట్. మొన్న శనివారం సాయంత్రం 7:10కి నెట్ పోయి 7:50కి వచ్చింది. ఆలోపు రెండో కౌంటర్లో 23 బిల్లులు కొట్టాం. నెట్ వచ్చాక సర్వర్లో చూస్తే 31 ఉన్నాయి! రాత్రి క్లోజింగ్‌లో ₹2,914 తక్కువ వచ్చింది, కౌంటర్ కుర్రాణ్ణి నాలుగు మాటలన్నాను కూడా. సాఫ్ట్‌వేర్ వాళ్లేమో నెట్ లేనప్పుడు TMP నంబర్ పడుతుందనీ, వచ్చాక సర్వర్ అసలు నంబర్ ఇస్తుందనీ, అక్కడేదో తేడా వచ్చుంటుందనీ అంటున్నారు. నంబర్ కౌంటరే ఇచ్చేస్తే ఈ గోల పోతుందా? జీఎస్టీకి కుదురుతుందా?

బజ్జీల బండి
మాకూ ఇదే బాధ అన్నా. నెట్ పోతే కస్టమర్ డబ్బులు వేశానంటాడు, మన స్పీకర్ మోగదు. వాడి ఫోన్ చూసి నమ్మాలా వద్దా?

పాత కౌంటర్
అది వేరే సంగతి తమ్ముడూ. నీ స్పీకర్‌లో దాని సిమ్ దానికుంటుంది, షాపు నెట్‌తో పని లేదు. మోగకపోతే బ్యాంకు మెసేజ్ చూసుకో, కస్టమర్ స్క్రీన్ కాదు.

తెనాలి గారూ, నంబర్ మాట తర్వాత. ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. ఎక్కువొచ్చిన ఎనిమిది బిల్లులూ వరసగా ఉన్నాయా, అక్కడక్కడా ఉన్నాయా? సర్వర్‌కి అవి చేరిన టైమ్ ఎంత?

లెక్కల పద్మ
జీఎస్టీ వరకు నేను చెప్తాను. రూల్ 46 ప్రకారం నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఒకటే సిరీస్ ఉండాలని ఎక్కడా లేదు, ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఒకటో కౌంటర్‌కి A/1, A/2, రెండోదానికి B/1, B/2 అంటూ పోతే నిక్షేపంగా చెల్లుతుంది. జీఎస్టీఆర్-1లో 13వ టేబుల్‌లో ఒక్కో సిరీస్‌కి మొదటి నంబర్, చివరి నంబర్, రద్దయినవి ఎన్నో రాస్తాం, అంతే.

నాకు నచ్చనిది ఆ TMP వ్యవహారం. కస్టమర్ చేతిలో TMP-14, మీ పుస్తకంలో 8812. సరుకు వెనక్కి తెచ్చిన రోజు ఏ బిల్లు మీద తీసుకుంటారు?

లాన్ లక్ష్మణ్
ఇంత దూరం ఎందుకండీ. షాపులోనే ఒక పాత సీపీయూని సర్వర్‌గా పెట్టండి, రెండు కౌంటర్లకీ కేబుల్ లాగండి. బయట నెట్ పోయినా లోపల బిల్లింగ్ ఆగదు, నంబర్లూ ఒకేచోట పుడతాయి. మా షాపులో నాలుగేళ్లుగా ఇంతే. పాత డూప్లికేట్లంటారా, ఒకే మొత్తం, నిమిషం లోపు తేడా ఉన్నవి చూసి కొట్టేయండి.

పాత కౌంటర్
మొదటి సగం బాగుంది లక్ష్మణ్ గారూ, ఒకే షాపుకి చక్కటి ఏర్పాటు. కాకపోతే ఆ సీపీయూ పోతే రెండు కౌంటర్లూ ఒకేసారి ఆగుతాయి. రెండో సగం మాత్రం వద్దు. పొద్దున ఆరున్నరకి అర లీటర్ పాల ప్యాకెట్ ఒక్కటి కొనేవాళ్లు నిమిషానికి ముగ్గురొస్తారు. మీ లెక్కన ఇద్దరి బిల్లులు గల్లంతు.

తెనాలి కిరాణా
చూశానండీ. ఎనిమిదీ వరసగానే ఉన్నాయి, 7:12 నుంచి కొట్టిన మొదటి ఎనిమిది. సర్వర్‌కి ఒకసారి 7:51:04కి, మళ్లీ 7:51:34కి చేరాయి. సరుకులు, వాటి వరస, మొత్తాలు అన్నీ ఒకటే. నంబర్లే వేరు.

పాత కౌంటర్
సరిగ్గా ముప్ఫై సెకన్లు. దొంగ దొరికాడు. మీ కౌంటర్ బిల్లుల్ని ఎనిమిదేసి కట్టలుగా పంపుతున్నట్టుంది. మొదటి కట్ట సర్వర్‌కి చేరింది, అక్కడ రాసుకుంది కూడా. కానీ అప్పుడే వచ్చిన నెట్ ఇంకా నిలకడగా లేదు, "అందింది" అన్న జవాబు దారిలో పోయింది. కౌంటర్ ముప్ఫై సెకన్లు చూసి, చేరలేదనుకుని మళ్లీ పంపింది. సర్వర్‌కి అవి కొత్త బిల్లుల్లాగే కనబడ్డాయి, కొత్త నంబర్లిచ్చింది.

కౌంటర్ చేసింది తప్పు కాదు. జవాబు రాకపోతే మళ్లీ పంపాల్సిందే, లేకపోతే నిజంగా చేరని బిల్లులు పోతాయి. తప్పు సర్వర్‌ది, పాత బిల్లుని గుర్తుపట్టలేకపోవడం. అందుకని సేవ్ నొక్కిన క్షణంలోనే కౌంటర్ ఆ బిల్లుకి ఎప్పటికీ మారని గుర్తు ఒకటి వేయాలి. పంపేటప్పుడు వేస్తే లాభం లేదు, రెండోసారి కొత్త గుర్తు పడుతుంది. సర్వర్‌లో bill_uid మీద UNIQUE పెట్టి, ఇలా రాస్తే చాలు:

```sql
INSERT INTO bills (bill_uid, bill_no, total)
VALUES (:uid, 'B/412', 365.00)
ON CONFLICT (bill_uid) DO NOTHING;
```

ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఇంకోటుంది. బిల్లు రెండోసారి పడకుండా ఆపి, దాని కింది సరుకుల వరుసల్ని, స్టాక్ తగ్గింపుని మాత్రం మళ్లీ నడిపేస్తారు. అమ్మకం లెక్క సరిపోతుంది, స్టాక్ మాత్రం రెండుసార్లు తగ్గుతుంది. మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. పై లైన్ సున్నా వరుసలు రాసిందంటే మిగతావి వదిలేసి "నా దగ్గరుంది" అని జవాబివ్వాలి. కౌంటర్ ఆ మాట వినేదాకా తన కాపీ చెరపకూడదు.

తెనాలి కిరాణా
అయ్యో! సన్‌ఫ్లవర్ ఆయిల్ షెల్ఫ్‌లో 14 ఉంటే స్క్రీన్ మీద 11 చూపిస్తోంది. కుర్రాడి మీద దాని అనుమానం కూడా పెట్టుకున్నాను. అంటే కౌంటర్ నంబర్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది జరిగేదేనా?

పాత కౌంటర్
గుర్తు లేకపోతే జరిగేదే. B/412 రెండుసార్లు వచ్చినప్పుడు సర్వర్ కాదని ఆపితే ఆగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆపవు, "B/412-1" అని రాసేసుకుంటాయి. నంబర్ మనుషుల కోసం, గుర్తు మెషిన్ల కోసం. రెండూ కౌంటరే ఇవ్వాలన్నది నా మాట.

ఒంగోలు మెడికల్స్
నేను ఒప్పుకోను. కౌంటర్ నంబర్ మా కొంప ముంచింది. నెట్ లేని పూట హార్డ్‌డిస్క్ పోయింది. సర్వర్‌కి చేరింది B/905 వరకే, మేం అప్పటికే B/931 దాకా కొట్టాం. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సర్వర్‌ని అడిగి 906 నుంచి మొదలెట్టింది. ఒకే నంబర్‌తో ఇద్దరు కస్టమర్ల దగ్గర కాగితాలు. సర్వర్ నంబర్ ఇచ్చి ఉంటే ఇది రాదు కదా?

లెక్కల పద్మ
ఆ 26 బిల్లుల అమ్మకం రిటర్న్‌లో ఎలా చూపించారు?

ఒంగోలు మెడికల్స్
క్యాష్ లెక్కేసి, యూపీఐ స్టేట్‌మెంట్ చూసి, స్టాక్ ఎంచి మూడు రోజులు రాశాం. ఏ బ్యాచ్ మందు ఎవరికెళ్లిందో మాత్రం ఈరోజుకీ తెలీదు.

పాత కౌంటర్
మీ దెబ్బ నిజమైందే. సర్వర్ నంబర్ అయితే నంబర్లు కలబడవు, కానీ ఆ 26 బిల్లులు ఎలాగూ పోయేవి. మేం చేసేది ఏమిటంటే, డిస్క్ మార్చినా మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఆ కౌంటర్‌కి పాత అక్షరం ఇవ్వం. B పోయింది, ఇక C/1 నుంచి. బిల్లులు పోకుండా ఉండాలంటే సేవ్ నొక్కగానే పక్క కౌంటర్‌కి కూడా ఒక కాపీ వెళ్లాలి. లక్ష్మణ్ గారి కేబుల్ అక్కడ అక్కరకొస్తుంది.

లాన్ లక్ష్మణ్
చివరికి నా కేబుల్ దగ్గరికే వచ్చారు.

లెక్కల పద్మ
తెనాలి గారూ, ఆ ఎనిమిదీ డిలీట్ చేయకండి, వరుసలో ఖాళీలు వస్తాయి. కారణం రాసి రద్దు చేయండి, 13వ టేబుల్‌లో రద్దయినవాటిలో వేయండి.

ఒంగోలు మెడికల్స్
అసలు కస్టమర్‌కి ఇవ్వని కాగితం బిల్లెలా అవుతుంది మేడమ్? మా ఆడిటర్ అయితే పుట్టనే లేదంటారు.

లెక్కల పద్మ
పుట్టకపోతే నంబర్ ఎక్కడిది? అడిగినప్పుడు చూపించడానికి రద్దయిన బిల్లే మేలు.

తెనాలి కిరాణా
ఈరోజు మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ అబ్బాయిని కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. నెట్ తీసి పది బిల్లులు కొట్టి, పెట్టి, "పంపుతోంది" అని కనబడగానే మళ్లీ కేబుల్ పీకాను. మూడోసారికి పది కాస్తా పద్దెనిమిదయ్యాయి. వాడే నోరెళ్లబెట్టాడు. గుర్తు వేసే మార్పు వచ్చే వారం ఇస్తానన్నాడు, A, B సిరీస్ మాత్రం ఏప్రిల్ 1 దాకా ఆగమంటున్నాడు. ఏడాది మధ్యలో కొత్త సిరీస్ మొదలెట్టడానికి అడ్డేమైనా ఉందా పద్మ గారూ?

లెక్కల పద్మ
నాకు తెలిసి ఏమీ లేదు. ఏప్రిల్ అన్నది వాళ్ల సౌకర్యం.