ఉగాది వేదిక స్క్రిప్టు అప్పగింత: కొత్త చాట్‌లో ఏమేమి పేస్ట్ చేయాలి

మాధవి (సాంస్కృతిక విభాగం)

శ్రీనివాస్ గారికి నమస్కారం. వేదిక, భోజన విభాగాల వారికి కూడా ఈ ఉత్తరం పంపుతున్నాను.

మా అమ్మగారి కంటి ఆపరేషన్ కోసం నేను గురువారం విజయవాడ బయలుదేరుతున్నాను. తిరిగి డాలస్ చేరేసరికి మన ఉగాది సభకు రెండు రోజులే మిగులుతాయి. మార్చి 28, శనివారం నాటి కార్యక్రమాల క్రమపట్టికను, వ్యాఖ్యాతల స్క్రిప్టును ఇంతవరకు నేను ఏఐ చాట్‌లో తయారు చేస్తూ వచ్చిన సంగతి మీకు తెలుసు. 22 అంశాలలో 13 వరకు వ్యాఖ్యానం పూర్తయింది, మిగిలిన తొమ్మిదింటిని మీరు పూర్తి చేయవలసి ఉంటుంది. ఈ పని సగం నా చాట్‌లో, సగం నా తలలో ఉండిపోయింది కనుక, మీరు మీ ఖాతాలో కొత్త చాట్ తెరిచినప్పుడు దానికి ఏమేమి అందించాలో వివరంగా రాస్తున్నాను.

పాత చాట్‌ను ఉన్నదున్నట్లు కాపీ చేసి పేస్ట్ చేయవద్దని ముందే మనవి. వద్దనుకున్నవీ సరే అనుకున్నవీ అందులో కలగాపులగంగా ఉన్నాయి. ఇంతవరకు జరిగినదంతా క్లుప్తంగా రాయమని దాన్నే అడిగి చూశాను. వచ్చిన సారాంశం చదవడానికి ముచ్చటగానే ఉంది గాని, రెండో వారంలో మనం తీసేసిన నాటిక అందులో ఖరారైన అంశంగా కనబడింది, పిల్లల దుస్తుల మార్పు గురించిన నియమం మాత్రం ఎక్కడా లేదు. అందుకే అప్పగింత పత్రాన్ని నేనే చేత్తో రాసి, మన ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టాను. మీరు పేస్ట్ చేయవలసింది ఆ పత్రాన్నే.

అందులో మొదట ఉండేది ఖరారైన క్రమపట్టిక. వరుస సంఖ్య, అంశం, మొదలయ్యే సమయం, నిడివి, పాల్గొనేవారి సంకేతాలు అన్న ఐదు గడులనూ ఒక్కటి కూడా వదలకుండా పేస్ట్ చేయండి. ఆఖరి గడి అనవసరమనిపించవచ్చు గాని, అసలు కీలకం అక్కడే ఉంది. ఈ ఐదు వరుసలు చూడండి:

```
 8 | కూచిపూడి      | 4:40 | 7 ని. | పి3, పి7
 9 | శాస్త్రీయ గానం | 4:49 | 7 ని. | పి11
10 | వేణువు        | 4:58 | 7 ని. | పి2
11 | పద్యపఠనం      | 5:07 | 7 ని. | పి5, పి6
12 | కోలాటం        | 5:16 | 8 ని. | పి3, పి7, పి9, పి14
```

పి3, పి7 ఇద్దరూ కూచిపూడిలోనూ కోలాటంలోనూ ఉన్నారు. జడకుచ్చులు, నడుముపట్టీ విప్పి లంగావోణీ కట్టుకోవడానికి తల్లులు అడిగింది కనీసం 25 నిమిషాలు. పట్టిక ప్రకారం 4:47 నుంచి 5:16 వరకు 29 నిమిషాలు దొరుకుతున్నాయి. ఒక రోజు నేను ఈ నియమాన్ని గుర్తు చేయకుండా, చిన్న పిల్లల అంశాలను కాస్త ముందుకు జరపమని మాత్రమే అడిగాను. అది కోలాటాన్ని నేరుగా తొమ్మిదో స్థానానికి తెచ్చి, వ్యాఖ్యానం కూడా చక్కగా రాసి ఇచ్చింది. అప్పుడు ఆ పిల్లలకు మిగిలేది రెండు నిమిషాలు! పట్టిక చూడటానికి ఎంతో సవ్యంగా ఉండటం వల్ల ఆ పూట నాకు తప్పు కనిపించలేదు. మర్నాడు నృత్యం నేర్పే టీచరు గారు చూసి ఫోను చేశారు.

కాబట్టి పట్టిక కిందనే నియమాలను, వాటి కారణాలతో సహా పేస్ట్ చేయండి. ఉత్త నియమం రాస్తే, మరో మంచి ఉద్దేశం ఎదురైనప్పుడు చాట్ ఆ నియమాన్ని పక్కన పెట్టేస్తోందని నా అనుభవం. ఒకే బిడ్డ రెండు అంశాలలో ఉంటే, దుస్తులు మార్చుకోవడానికి మధ్యలో 25 నిమిషాలు ఉండాలి. మైకులు సర్దడానికి అంశానికీ అంశానికీ మధ్య రెండు నిమిషాలు ఉండాలి. హాలును 9:30కల్లా ఊడ్చి అప్పగించాలి కనుక 8:30కి తెర పడాలి. ఈ మూడు చాలు.

మూడోది నమూనా. నాలుగో అంశానికి రాసిన వ్యాఖ్యానాన్ని మాత్రమే నమూనాగా ఇవ్వండి. మొదట్లో నేను నిరుటి స్క్రిప్టును శైలి కోసం పేస్ట్ చేశాను. దాంతో ఈ ఏటి స్వాగత వాక్యంలో కూడా "శ్రీ విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు" అని వచ్చింది. ఈ మార్చి 19న మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరమని దిద్దితే, ఆ పేరును మామూలు మాటగా తీసుకుని "ఈ పరాభవాన్ని మరచి ముందుకు సాగుదాం" అని రాసింది. నవ్వుకున్నాను గాని, అది వేదిక మీద చదివి ఉంటే మన గతేమిటి? అందుకే "పరాభవ అన్నది అరవై సంవత్సరాల వరుసలోని పేరు, దాని అర్థం మీద వ్యాఖ్యానించవద్దు" అన్న వాక్యం పత్రంలో పెట్టాను. దాన్ని తీసేయవద్దు.

పిల్లల పేర్లు, వయసులు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు చాట్‌లోకి వెళ్లకూడదు. సంకేతాలు పెట్టుకున్నది అందుకే. అయితే తెలుగులో ఇది అనుకున్నంత సులువు కాదు. "పి7కి అభినందనలు" అని రాయించి, చివర్లో సంకేతం తీసి పేరు పెడితే, ఒక పేరుకు "కి" నప్పుతుంది, మరో పేరుకు "కు" కావాలి. "చేస్తున్నాడు", "చేస్తోంది" అన్నచోట కూడా ఇదే చిక్కు. అందువల్ల పేరు ఎప్పుడూ విభక్తి లేకుండా "చిరంజీవి" తర్వాత రావాలని, క్రియ "చేస్తున్నారు" అని గౌరవ రూపంలోనే ఉండాలని రాసి ఉంచాను.

పంచాంగ శ్రవణంలోని తిథులు, సమయాలు, రాశిఫలాలు పురోహితులు ఇచ్చిన కాగితంలో ఉన్నవే వాడండి, చాట్‌ను అడగకండి. మన గడియారం ఇప్పుడు భారత కాలమానానికి పదిన్నర గంటలు వెనక ఉంది. హైదరాబాదుకు గణించిన సమయాలను చాట్ మనకు ధీమాగా అప్పజెబుతుంది.

ఇంకా తేలనివి రెండు. 16వ అంశానికి పాట ప్రత్యక్షంగా పాడతారో రికార్డు పెడతారో తెలియదు. 20వ అంశం నిడివి ఎనిమిది నిమిషాలని నేను వేసింది అంచనా మాత్రమే. వీటిని పత్రంలో "తేలలేదు" అనే రాశాను. ఖాళీగా వదిలితే అది తనంతట తానే నింపేస్తుంది.

కిరణ్ (వేదిక విభాగం)

మాధవి గారూ, ఇంత శ్రమ ఎందుకండీ? చాట్‌ను పంచుకునే లింకు ఉంటుంది కదా. అది శ్రీనివాస్ గారికి పంపితే, మీరు ఆపిన చోట నుంచి ఆయన కొనసాగించవచ్చు. అంతా అందులోనే ఉంటుంది.

రమణ (వెబ్‌సైటు, రిజిస్ట్రేషన్లు)

కిరణ్, నువ్వు చెప్పినదాంట్లో సగం నిజం. లింకు పంపితే ఆయన పాత సంభాషణ చదువుకోవచ్చు, మనం వాడే సాధనంలో దాన్ని తన ఖాతాలో కొనసాగించవచ్చు కూడా. కానీ ఆ లింకులో ఉండేది అది తయారు చేసిన క్షణం వరకు జరిగిన సంభాషణే. మాధవి గారి ఖాతాలో భద్రపరచిన సూచనలు, ఆమె గురించి అది గుర్తు పెట్టుకున్నవి దానితో రావు. తెలుగు లిపిలోనే జవాబివ్వాలన్న సూచన ఆవిడ అక్కడే పెట్టుకుని ఉంటే, శ్రీనివాస్ గారికి అది అసలు కనబడదు. పైగా లింకు ఎవరి చేతికి చిక్కితే వారు చదవగలరు. మొదటి వారం ఆమె సంకేతాలు వాడలేదనుకుంటాను.

ఇంకొకటి. చాట్ ఒకసారికి చూడగలిగే పాఠానికి హద్దు ఉంటుంది. అదే విషయం ఇంగ్లీషులో కన్నా తెలుగు లిపిలో ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక, మూడు వారాల సంభాషణలో తొలినాటి నియమాలు జారిపోవడం సహజం. శ్రీనివాస్ గారూ, అంశాలను మూడేసి చొప్పున రాయించండి. నిర్ణయమైన ప్రతి మార్పును ముందు పత్రంలో దిద్దండి, చాట్ తడబడుతోందని తోస్తే దాన్ని వదిలేసి, దిద్దిన పత్రంతో మరొకటి తెరవండి. ఏమీ రాయించక ముందే, కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుందని అడగండి. 22 అంశాలకు 209 నిమిషాలు, మధ్య సర్దుళ్లు 21కి 42, పంచాంగ శ్రవణం 25, ప్రసంగాలు 15, ఫలహార విరామం 30, వెరసి 321. మూడింటికి మొదలైతే 8:21 రావాలి. 7:39 అని చెబితే సర్దుళ్ల నియమం దానికి అందలేదని అర్థం.

లక్ష్మి (భోజన విభాగం)

అమ్మా మాధవీ, ఏం పేస్ట్ చేయాలో నాకు కూడా రాశావు గనుక భోజనాల పట్టిక జతచేస్తున్నాను. నిరుడు నేను "పులిహోర 12 ట్రేలు" అని రాస్తే, అవతలి వాళ్లు సగం ట్రేలు అనుకున్నారు. ఆఖరి వరుసలో కూర్చున్న పెద్దలకు పెరుగన్నమే మిగిలింది. కాబట్టి ఈసారి "పూర్తి ట్రే" అని స్పష్టంగా రాశాను. చూడండి. అలాగే ఫలహారానికి 30 నిమిషాలు ఏ మూలకూ చాలవు, 45 కావాలి.

మాధవి

లక్ష్మి పిన్నిగారూ, ఈ చాట్ వేదిక స్క్రిప్టు కోసమేనండీ, భోజనాల పట్టిక అందులో అవసరం లేదు. కానీ మీరు రాసిన ట్రే సంగతే నా పత్రంలోనూ జరిగింది. "నిడివి 7" అని ఊరికే రాసినచోటల్లా ఇప్పుడు "7 ని." అని దిద్దాను. రమణ గారూ, మీ అనుమానం నిజమే. మొదటి వారం నలుగురు పిల్లల పేర్లు అలాగే పెట్టాను. ఆ చాట్‌ను తొలగిస్తాను, లింకు ఎవరికీ పంపను.

శ్రీనివాస్

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కొత్త చాట్‌లో ప్రయత్నించాను. ముగింపు సమయం అడిగితే మొదట 7:39 అనే వచ్చింది. తప్పు నాదే. ఫోనులో టైపు చేస్తూ, నియమాన్ని పేస్ట్ చేయకుండా "మధ్యలో కాస్త వ్యవధి ఉంటుంది" అని నా మాటల్లో రాశాను. పత్రంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్లు పేస్ట్ చేశాక 8:21 వచ్చింది. అయినా కూడికను దాని మీద వదలకుండా స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూసుకున్నాను. 14, 15, 17 అంశాల వ్యాఖ్యానం ఫోల్డర్‌లో ఉంది. 16ను రాయించలేదు.

15వ అంశంలో "చిరంజీవులు పి4, పి8, పి10" అని ముగ్గురు వరుసగా వచ్చారు. వారిలో ఒకరు మా పక్కింటి అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు. అతన్ని చిరంజీవి అంటే స్నేహితులు ఆటపట్టిస్తారేమో, ఏమనాలో చెప్పండి.

లక్ష్మి గారు అడిగిన 45 నిమిషాల సంగతి కూడా ఉంది. తెర పడే వేళకు మనకు మిగిలింది తొమ్మిది నిమిషాలే, ఆవిడకు కావలసింది పదిహేను. ఒక అంశమైనా తగ్గాలి, లేదా ప్రసంగాలైనా తగ్గాలి. దీన్ని నేను చాట్‌ను అడగలేదు. ఏది తగ్గించాలో మీరంతా చెబితే ముందు పత్రంలో దిద్ది, ఆ తర్వాతే 18 మొదలుపెడతాను.